కిటికీ గట్టు మీద పాల డబ్బా

1969 జూలైలో ఒక బెంగాలీ యువకుడు ఉద్యోగం కోసం బోస్టన్‌కి వచ్చాడు. అతనెక్కిన విమానం ఇంకా గాలిలో ఉండగానే, చంద్రుడి మీద ఇద్దరు అమెరికన్లు దిగారని పైలట్ చెప్పాడు. లోకమంతా ఆకాశం వైపు చూస్తున్న ఆ వారంలో ఇతను వైఎంసీఏ గదిలో, రాత్రిపూట రోడ్డు మీది హోరుకి నిద్రపట్టక మెలకువగా పడుకున్నాడు. గదిలో వంట చేసుకునే వీలు లేదు. కొట్టుకి వెళ్ళి ఒక చిన్న పాల డబ్బా, ఒక కార్న్‌ఫ్లేక్స్ పెట్టె కొనుక్కున్నాడు. ఫ్రిజ్ లేదు కనుక పాల డబ్బాని ఎండ తగలని వైపు కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆ ఉపాయం కూడా అదే భవనంలో ఉన్న మరొకరిని చూసి నేర్చుకున్నదే. పొద్దున పాలు, కార్న్‌ఫ్లేక్స్. రాత్రి మళ్ళీ పాలు, కార్న్‌ఫ్లేక్స్. మార్పు కోసం అరటిపళ్ళు.

ఝంపా లాహిరి రాసిన ‘ద థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్’ అనే కథలోది ఈ దృశ్యం. 1999లో వచ్చిన ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’ సంపుటంలో చివరి కథ ఇది. మరుసటి ఏడాది ఆ పుస్తకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. కథలో మనిషికి ఆధారం ఆమె తండ్రి. ఆయన అమెరికాలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసినవారు.

ఉద్యోగం మీద కొత్తగా పరాయిదేశం వెళ్ళి, ఇంటి మీద బెంగతో ఉన్న మనిషికి మొదట ఏ పుస్తకం ఇవ్వాలని ఎవరైనా అడిగితే, ముందుగా చెప్పాల్సింది ఈ కథే. ఇందులో ఓదార్పు మాటలు లేవు. ఊరి గొప్పలు లేవు. కొత్త చోట ఒక మనిషి ఏం కొన్నాడు, ఎక్కడ పెట్టాడు, ఎవరితో మాట్లాడాడు, వారానికి ఎంత అద్దె కట్టాడు అన్న వివరాలు మాత్రం లెక్కగా ఉన్నాయి. బెంగ పడ్డ మనిషికి పనికొచ్చేది ఈ లెక్కే.

ఆ బెంగ ఎలాంటిదో ముందు చూడాలి. హైదరాబాద్ నుంచో, గుంటూరు నుంచో ముప్ఫై ఏళ్ళ ఇంజనీరు ఒకరు మ్యూనిక్‌కో, టొరంటోకో, ఐర్లండ్‌లో ఒక చిన్న పట్నానికో వెళ్ళారనుకుందాం. జీతం బాగుంది. ఇల్లు వెచ్చగా ఉంది. ఆఫీసులో అందరూ మర్యాదగానే ఉన్నారు. శుక్రవారం సాయంత్రం మాత్రం అందరూ చెయ్యి ఊపి వెళ్ళిపోతారు. మళ్ళీ సోమవారం పొద్దున దాకా ఒక్క మనిషి పేరు పెట్టి పిలవడు. అమ్మ వీడియో కాల్ చేస్తే ‘బాగానే ఉన్నాను’ అంటారు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. చెప్పుకోదగ్గ కష్టం ఏదీ లేకపోవడంతో చెప్పుకోవడానికి మాట దొరకదు. వలస మీద వచ్చిన మంచి పుస్తకాలు ఆ మాటని వెతికిపెడతాయి.

ఇది ఎంతకాలం ఉంటుందన్నది అందరూ అడిగే ప్రశ్న. 1955లో స్వెరె లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు ఫుల్‌బ్రైట్ గ్రాంటు మీద అమెరికా వెళ్ళివచ్చిన 200 మంది నార్వే వాళ్ళని అడిగి చూశాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళు, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్ళు బాగానే కుదురుకున్నామన్నారు. ఇబ్బంది ఎక్కువగా కనిపించింది మధ్యలో, అంటే ఆరు నుంచి పద్దెనిమిది నెలల దాకా ఉన్నవాళ్ళలో. తర్వాతి పరిశోధనల్లో అందరికీ ఇదే వరస రాలేదు. కొందరికి దిగిన మొదటి వారమే గడ్డుగా ఉంటుంది. అయినా ఒక సంగతి దీన్నుంచి తీసుకోవచ్చు. కొత్త దేశం మోజు తీరాక, ఎనిమిదో నెలలోనో పదో నెలలోనో ఉన్నట్టుండి మనసు కుంగితే, వెళ్ళడమే తప్పయిందని అప్పుడే తీర్పు చెప్పుకోనక్కర్లేదు. ఏ పుస్తకం ఎప్పుడు చదవాలన్నది కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

మొదటి వారాల్లో చదవడమే కష్టం. రోజంతా కొత్త యాసలు విని, ఫారాలు నింపి, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, బస్సు పాసు అంటూ తిరిగి ఇంటికొచ్చిన మనిషి కళ్ళు అక్షరం మీద నిలవవు. అలాంటప్పుడు అక్షరాలే లేని పుస్తకం మేలు. ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ 2006లో చేసిన ‘ద అరైవల్’ అలాంటిది. మొత్తం బొమ్మలే, ఒక్క మాట ఉండదు. భార్యనీ చిన్న కూతుర్నీ వదిలి ఒక మనిషి పెట్టె పట్టుకుని ఓడెక్కుతాడు. దిగిన నగరంలో ఏదీ అర్థం కాదు. అక్కడి లిపిని టాన్ సొంతంగా కల్పించాడు. బోర్డుల మీద, కాగితాల మీద ఉన్నవి ఆ మనిషికి ఎంత తెలియవో, పుస్తకం తిరగేస్తున్న మనకీ అంతే తెలియవు. అక్కడి జంతువులు వింతగా ఉంటాయి. తినేవాటిని ఎలా తినాలో తెలియదు. గది కావాలంటే నోట్‌బుక్‌లో మంచం బొమ్మ గీసి చూపిస్తాడు.

ఇంగ్లీషు బాగా వచ్చిన ఉద్యోగికి ఈ కష్టం తనది కాదనిపించవచ్చు. జర్మనీలో చెత్త వెయ్యాల్సిన రంగు డబ్బాల ముందు, సూపర్‌మార్కెట్‌లో పది రకాల పెరుగు డబ్బాల ముందు నిలబడి పెరుగేదో తెలియక వెనక్కి తిరిగినప్పుడు మాత్రం ఆ బొమ్మలు గుర్తొస్తాయి. ఉన్న ఊళ్ళో పదిమందికి దారి చెప్పిన మనిషి, ఇక్కడ పసివాడిలా వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది. ఆ సిగ్గుని టాన్ ఒక్క మాట అనకుండా పట్టుకున్నాడు. టాన్ తండ్రి కూడా మలేషియా నుంచి ఆస్ట్రేలియాకి వచ్చి స్థిరపడినవాడే. అరగంటలో తిరగేసి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాలనిపించే పుస్తకం ఇది.

కాస్త కుదురు వచ్చాక లాహిరి కథ చదవాలి. పాల డబ్బా దగ్గరే దాన్ని ఆపకూడదు. ఆ యువకుడు 1964లో చేతిలో పది డాలర్ల విలువైన డబ్బుతో ఇండియా వదిలి, ముందు లండన్ చేరతాడు. అక్కడ బెంగాలీ కుర్రాళ్ళతో కలిసి ఒక ఇంట్లో ఉంటూ కోడిగుడ్ల కూర వండుకుని తింటాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ తోడుంది. బోస్టన్‌లో లేదు. వైఎంసీఏ నుంచి మారి, వారానికి ఎనిమిది డాలర్ల అద్దెకి మిసెస్ క్రాఫ్ట్ అనే ముసలావిడ ఇంట్లో గది తీసుకుంటాడు. ఆవిడ రోజూ సాయంత్రం బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, చంద్రుడి మీద అమెరికా జెండా ఉందని చెబుతుంది. అతను ‘అద్భుతం’ అనాలి. గట్టిగా, ఆవిడకి వినపడేలా అనాలి. ప్రతి సాయంత్రం అదే మాట, అదే జవాబు. శుక్రవారం అద్దె కవరు పియానో మీద పెట్టమంటే, అతను ఆవిడ చేతికే ఇస్తాడు.

ఆవిడ వయసు 103 ఏళ్ళని తర్వాత తెలుస్తుంది. అప్పటినుంచి అతను ఆవిడ గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. పడిపోతుందేమోనని భయపడతాడు. ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది, చప్పుడు లేకుండా. తన గురించి తప్ప మరో ధ్యాస లేకుండా వచ్చిన మనిషి, ఆ ఊళ్ళో మొదటిసారిగా ఇంకొకరి కోసం ఆదుర్దా పడ్డాడు. నేలతో బంధం అక్కడ మొదలైంది. ఆయన ఏ పండగకీ వెళ్ళలేదు, ఏ సంఘంలోనూ చేరలేదు. ఒక ముసలామె క్షేమం ఆయన దినచర్యలో భాగమైంది, అంతే.

తర్వాత భార్య మాల కలకత్తా నుంచి వస్తుంది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి, కొద్దిరోజుల కాపురం. ఇద్దరికీ ఒకరికొకరు కొత్త. కొత్త దేశంలో ఒంటరితనం కంటే, పరిచయం లేని భార్యతో ఒకే గదిలో ఉండటమే అతనికి పెద్ద ఇబ్బంది. ఒకరోజు ఆమెని మిసెస్ క్రాఫ్ట్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఆవిడ ఆ చీర కట్టుకున్న అమ్మాయిని తలనుంచి పాదాల దాకా చూసి మెచ్చుకుంటుంది. అప్పుడు భార్యాభర్తలు ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. వాళ్ళ మధ్య దూరం తగ్గింది ఆ క్షణంలోనే అని అతను తర్వాత తలుచుకుంటాడు. జీవిత భాగస్వామిని డిపెండెంట్ వీసా మీద తీసుకెళ్ళిన ఎంతోమంది తెలుగువాళ్ళకి ఈ ఘట్టం వేరే వివరణ అక్కర్లేకుండా అర్థమవుతుంది.

ఇదే సంపుటంలో ‘మిసెస్ సేన్స్’ అని ఇంకో కథ ఉంది. మొదటి కథ కుదురుకున్న మనిషిది. ఇది కుదురుకోలేని మనిషిది. రెండూ పక్కపక్కన చదివితేనే పూర్తి బొమ్మ కనిపిస్తుంది. అందుకే ఒకటి చదివి ఆపెయ్యకూడదు.

లెక్కల ప్రొఫెసర్ భార్య మిసెస్ సేన్, పదకొండేళ్ళ ఎలియట్ అనే అమెరికన్ కుర్రాడిని బడి అయ్యాక తన ఇంట్లో ఉంచుకుని చూసుకుంటుంది. రోజూ మధ్యాహ్నం హాల్లో నేల మీద వార్తాపత్రికలు పరిచి, ఇండియా నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందేసుకుని కూరగాయలు తరుగుతుంది. వంకర తిరిగిన ఆ కత్తి ఎలియట్‌కి ఓడ ముందుభాగంలా కనిపిస్తుంది. పెళ్ళి ఇంట్లో చుట్టుపక్కల ఆడవాళ్ళంతా తలో కత్తిపీట తెచ్చుకుని, రాత్రంతా కబుర్లు చెప్పుకుంటూ యాభై కిలోల కూరగాయలు తరిగేవాళ్ళమని ఆమె అతనికి చెబుతుంది. ఆ కబుర్ల మధ్య నిద్రపట్టేది కాదట. ఇక్కడ నిశ్శబ్దానికి నిద్రపట్టదు.

ఆమె అడిగే ఒక ప్రశ్న చదివినవాళ్ళని వదలదు. నేను గట్టిగా అరిస్తే ఎవరైనా వస్తారా అని పిల్లవాడిని అడుగుతుంది. తమ ఊళ్ళో అయితే గొంతెత్తితే చాలు, సగం వీధి వచ్చేస్తుంది. ఎలియట్ ఆలోచించి నిజం చెబుతాడు: చప్పుడు ఎక్కువైందని ఫిర్యాదు చెయ్యడానికి ఎవరైనా ఫోన్ చేస్తారేమో. కుర్రాడిలో మొరటుతనం లేదు. తనకి తెలిసిన లోకం అది. తెలుగు పల్లెల్లో పెరిగి అపార్ట్‌మెంట్ పదకొండో అంతస్తులో ఉంటున్న ఎవరికైనా ఇంటి బెంగ అంటే ఏమిటో విడమరిచి చెప్పే సన్నివేశం ఇది. వాళ్ళకి కరువైంది అన్నం, ఆవకాయ కావు. అవి ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. పిలిస్తే పలికే పొరుగు కరువైంది.

ఆమెకి రెండే సంతోషాలు. ఇంటినుంచి వచ్చే ఉత్తరం, చెరువు చేపలు గుర్తుకుతెచ్చే తాజా చేప. చేపల కొట్టుకి వెళ్ళాలంటే కారు నడపాలి. ఆమెకి డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలని మనసు లేదు. నేర్చుకుంటే ఈ ఊరిని ఒప్పుకున్నట్టే కదా. చివరికి ఒకరోజు లైసెన్స్ లేకుండానే ఎలియట్‌ని ఎక్కించుకుని చేప కోసం బయల్దేరుతుంది. చిన్న ప్రమాదం జరుగుతుంది. పెద్ద దెబ్బలు తగలవు. ఎలియట్ మాత్రం ఇక ఆ ఇంటికి రాడు. కథ అక్కడ ముగుస్తుంది.

ఈ రెండు కథల్లో తేడా ఎక్కడుందో గమనించాలి. మిసెస్ సేన్ బలహీనురాలనీ, లైబ్రరీ ఉద్యోగి గట్టివాడనీ లాహిరి ఎక్కడా అనలేదు. అతనికి ఉద్యోగం ఉంది, వెళ్ళాల్సిన చోటు ఉంది, నడిచి వెళ్ళగల దూరంలో అన్నీ ఉన్నాయి. ఆమెకి భర్త కారు తప్ప దారి లేదు. అందువల్ల ఉద్యోగం మీద వెళ్ళినవాళ్ళు రెండో కథ చదివేటప్పుడు తమని మాత్రమే వెతుక్కోకుండా, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లో ఉంటున్న భార్యనో భర్తనో తల్లినో కూడా అందులో చూడటం మంచిది.

బెంగలో ఉన్నవాళ్ళకి ఇలాంటి విషాద కథ ఇవ్వవచ్చా అని అడగడం న్యాయమే. జవాబు పుస్తకం మీద కంటే చదివాక జరిగేదాని మీద ఉంటుంది. కొన్ని రచనలు ఊరిని స్వర్గం చేసి చూపిస్తాయి. అమ్మ చేతి ముద్ద, మామిడి తోపు, గోదారి గట్టు అన్నీ వరసగా వస్తాయి. చదివేటప్పుడు కళ్ళు చెమరుస్తాయి. పుస్తకం మూశాక ఉన్న గది ఇంకా చీకటిగా కనిపిస్తుంది, చెయ్యి ఫోన్ మీదకి పోయి విమానం టికెట్ల ధరలు వెతుకుతుంది. మిసెస్ సేన్ కథ ఏడిపించినా ఆ పని చెయ్యదు. ఆమె ఎక్కడ ఇరుక్కుందో కనిపిస్తుంది కనుక, తను ఎక్కడ ఇరుక్కున్నదీ చదివే మనిషికి తెలిసివస్తుంది. డ్రైవింగ్ క్లాసుకి పేరు ఇవ్వాలనిపిస్తే ఆ కథ పనిచేసినట్టే. వరసగా మూడు రాత్రులు చదివి, మూడు రాత్రులూ ఇంకాస్త కుంగిపోతే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టెయ్యాలి. అది పుస్తకం తప్పూ కాదు, చదివినవాళ్ళ తప్పూ కాదు. సమయం కాదు, అంతే.

శామ్ సెల్వన్ ‘ద లోన్లీ లండనర్స్’ 1956లో వచ్చింది. సెల్వన్ ట్రినిడాడ్‌లో పుట్టి 1950లో లండన్ వెళ్ళాడు. కరీబియన్ దీవుల నుంచి బతుకుతెరువు కోసం లండన్ వచ్చిన కుర్రాళ్ళ నవల ఇది. పదేళ్ళుగా అక్కడే ఉన్న మోజెస్, ఒక చలికాలం రాత్రి తనకి ముఖం కూడా తెలియని మనిషిని తీసుకురావడానికి వాటర్లూ స్టేషన్‌కి వెళ్తాడు. ఆ వచ్చినవాడు పల్చటి సూటుతో, సామాను లేకుండా, జేబులో పళ్ళు తోముకునే బ్రష్‌తో దిగుతాడు. చలి వెయ్యడం లేదంటాడు. మోజెస్ అతనికి గాలహాడ్ అని పేరు పెడతాడు.

మర్నాడు పొద్దున గాలహాడ్ ధైర్యంగా ఒక్కడే పని వెతుక్కోవడానికి బయటికి వెళ్తాడు. దారి చెబుతానన్నా వద్దంటాడు. రోడ్డెక్కి కాస్త నడిచాక, పైన సూర్యుడు ఉన్నా వేడి లేకపోవడం, జనం తన పక్కనుంచి దూసుకుపోవడం చూసి ఉన్నట్టుండి భయం పట్టుకుంటుంది. డబ్బు లేదు, పని లేదు, ఉండటానికి చోటు లేదు, తెలిసిన మనిషి లేడు. కదలలేక నిలబడిపోతాడు. పోలీసు వచ్చి ముందుకి నడవమంటాడు. అప్పుడు మోజెస్ అక్కడికి వస్తాడు. వెక్కిరించడు. తనకీ ఒకప్పుడు ఇలాగే అయిందన్న ఎరుకతో తీసుకెళ్తాడు. సగం పేజీ కూడా ఉండని ఈ భయాన్ని ఇంత సూటిగా పట్టుకున్న రచయితలు అరుదు. విమానాశ్రయం నుంచి ఇంటికి చేరి తలుపు వేసుకున్నాక, ఆ మొదటి గంటలో చాలామందికి కలిగేది ఇదే.

ఈ నవల భాష గురించి ఒక మాట చెప్పాలి. సెల్వన్ ముందు మామూలు పుస్తక ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, నడవలేదు. ట్రినిడాడ్ జనం మాట్లాడే ఇంగ్లీషులోకి మారాకే కలం సాగింది. తెలంగాణ మాటలో, ఉత్తరాంధ్ర మాటలో కథ చదివి ఇది మనది అనుకున్న పాఠకులకి ఆ మార్పు ఎంత పెద్దదో తెలుసు. మొదటి పది పేజీలు తడబడినా, పెదవులతో చదివితే దారిలో పడుతుంది. పెద్ద ఉద్యోగంతో వెళ్ళినవాళ్ళకి ఈ కుర్రాళ్ళ పేదరికం దూరంగా అనిపించవచ్చు. ఆదివారం పొద్దున మాత్రం అందరికీ ఒకటే. ఆ రోజు వాళ్ళంతా మోజెస్ గదిలో చేరతారు. ప్రత్యేకంగా పనేమీ ఉండదు. ఎవరికి ఉత్తరం వచ్చింది, ఎవరికి పని దొరికింది, ఎవరు ఎక్కడున్నారు అన్న కబుర్లే. వారంలో ఒక గది, ఒక వేళ స్థిరంగా ఉంటే పరాయి ఊరు ఎంత తేలికవుతుందో నవలంతా చెబుతుంది. పదేళ్ళైనా మోజెస్ వెళ్ళిపోవాలా ఉండాలా అని తేల్చుకోలేకపోవడాన్ని కూడా సెల్వన్ దాచలేదు.

భాష దగ్గరే బెంగ గట్టిగా ఉన్నవాళ్ళు ఇవా హాఫ్‌మన్ ఆత్మకథ ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ చదవాలి. పోలండ్‌లోని క్రాకోలో పుట్టిన ఆమె, 1959లో పదమూడేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఓడెక్కి కెనడాలోని వాంకూవర్ చేరింది. బడిలో మొదటిరోజే ఇవా ‘ఈవా’ అయింది, చెల్లెలు అలీనా ‘ఎలైన్’ అయింది. ఇద్దరూ తమ పేర్లు తమవి కానట్టు బెంచీ మీద కూర్చున్నారు. వెంకట సత్యనారాయణ ‘సత్య’ అయి, అదీ పలకలేక ‘సాట్’ అయిన ఆఫీసుల్లో ఈ బాధ కొత్తది కాదు.

ఆమె అంతకంటే లోతుకి వెళ్ళింది. పోలిష్‌లో నది అన్న మాట అనగానే తను తడిసిన నది కళ్ళ ముందుకొచ్చేది. ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం ఉంది కానీ తడి లేదు. ‘ఉక్కపోత’ అనగానే వేసవి మధ్యాహ్నం కరెంటు పోయిన గది మొత్తం గుర్తొచ్చే తెలుగు మనిషికి, ఇంగ్లీషులో వాతావరణం గురించి రోజూ మాట్లాడినా ఏదో పొడిగా ఎందుకు ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. ఎవరో డైరీ ఇస్తే అందులో ఏ భాషలో రాయాలో తెలియక ఆమె చాలా తంటాలు పడి, చివరికి ఇంగ్లీషు ఎంచుకుంటుంది. పోలిష్ వదిలెయ్యమని ఈ పుస్తకం చెప్పదు. కొత్త మాటలకి కూడా తడి అంటడానికి ఏళ్ళు పడుతుందని, అది ఆ మాటలతో బతికితేనే వస్తుందని చూపిస్తుంది. దీన్ని మొదటి నెలలో చదవకూడదు. నెమ్మదిగా నడిచే పుస్తకం. ఏడాది దాటాక చదివితే ప్రతి పేజీలో ఆగాల్సి వస్తుంది.

పుస్తకం చెయ్యలేని పని కూడా ఉంది. చిమమాండా అడీచీ 2013 నవల ‘అమెరికానా’లో, నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన ఇఫెమెలు పని దొరక్క, డబ్బు కోసం ఒక అవమానానికి లోనై గదిలో ముడుచుకుపోతుంది. తిండి సహించదు. ప్రాణంలా చూసుకున్న ఒబింజె రాసిన ఉత్తరాలు తెరవదు. ఇది డిప్రెషన్ అని స్నేహితురాలు అంటే ఒప్పుకోదు. అలాంటి జబ్బులు అమెరికా వాళ్ళు పెట్టుకునే పేర్లని ఆమె నమ్మకం. మన ఇళ్ళల్లో కూడా ఇదే నమ్మకం. ‘అంత మంచి ఉద్యోగం ఉండి నీకేం తక్కువ’ అంటారు. రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెదిరిపోవడం రెండు వారాలకి మించి ఉంటే దాన్ని ఇంటి బెంగ అని సరిపెట్టుకోకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చాలా కంపెనీలు ఉద్యోగులకి గుట్టుగా కౌన్సెలింగ్ ఏర్పాటు చేస్తాయి. హెచ్ఆర్ వాళ్ళని అడిగితే చెబుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఆ దేశపు అత్యవసర నంబరుకి ఫోన్ చెయ్యాలి. అప్పుడు చేతికి కావాల్సింది పుస్తకం కాదు.

తెలుగులో ఏముందని కూడా అడగాలి కదా. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ పత్రిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాత సంచికలు కూడా అందులో ఉన్నాయి. వెతికితే ప్రవాస జీవితం మీద మంచి కథలు కనిపిస్తాయి. 1973 నుంచి అమెరికాలో ఉంటున్న నిడదవోలు మాలతి రాసిన ‘చాతకపక్షులు’ నవల, పెళ్ళై అమెరికా వెళ్ళిన గీత కథ. ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో మొదటితరం తెలుగు ఇల్లాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో తెలుసుకోవాలంటే అది చదవాలి. డిట్రాయిట్‌లో తెలుగు సాహిత్యం మీద మాట్లాడుకోవడానికి ఒక క్లబ్బే ఉంది. అదీ 1998లోనే మొదలైంది. తెలుగులో చదివితే ఇంగ్లీషు పుస్తకం ఇవ్వలేనిది ఒకటి దొరుకుతుంది: రోజంతా తర్జుమా చేసుకున్న బుర్రకి విశ్రాంతి.

ఇవన్నీ కొనాల్సిన పని కూడా లేదు. పరాయి ఊళ్ళో అద్దె ఒప్పందం చేతికి రాగానే చెయ్యాల్సిన మొదటి పనుల్లో ఒకటి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోవడం. అమెరికా, బ్రిటన్‌లలో ఆ ఊళ్ళో ఉంటున్న వాళ్ళకి మామూలుగా ఉచితం. పాస్‌పోర్టు, చిరునామా ఉన్న కాగితం చూపిస్తే చాలాచోట్ల అక్కడికక్కడే ఇస్తారు. ఆ కార్డుతో లిబ్బీ అనే యాప్‌లో ఈ-పుస్తకాలు, ఆడియో పుస్తకాలు ఫోన్‌లోకి తీసుకోవచ్చు. తమ దగ్గర లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ఏర్పాటు కూడా చాలా లైబ్రరీల్లో ఉంది. కౌంటర్ దగ్గర అడిగితే చాలు. అడగడంలో ఇంకో లాభం ఉంది. ఒకే లైబ్రరీకి ప్రతి శనివారం అదే సమయానికి వెళ్తే, నాలుగో వారానికి ఆ కౌంటర్ వెనక మనిషి మీ పేరు పిలుస్తారు. వారాంతంలో పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషి లేడన్న బాధ అక్కడ తీరవచ్చు.

‘ద థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్’ ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఇక్కడినుంచి పార్శిల్ కట్టే అమ్మానాన్నలు ఆవకాయ, కందిపొడి, సున్నుండల మధ్య ఈసారి ఆ పుస్తకానికి కూడా చోటు చెయ్యండి. పంపేముందు మీరూ ఒకసారి చదవండి. వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో ‘తిన్నావా’ అన్నాక ఇంకో మాట అడగవచ్చు: మీ ఇంటి పక్కన ఎవరుంటారు, వాళ్ళ పేరేమిటి?